యూనిట్లు తగ్గిన రోజు



సోలార్ పెట్టించుకున్నవాళ్లు సాయంత్రం అయ్యేసరికి ఫోన్ తీసి చూసుకునే అంకె ఒకటుంది. ఈరోజు ఎన్ని యూనిట్లు వచ్చాయి? నిన్న 430 వచ్చాయి, ఇవాళ 360 వచ్చాయి. ఎందుకు తగ్గాయని అడిగితే దాదాపు అందరూ ఒకటే జవాబు చెబుతారు: "మబ్బు పట్టింది కదండీ." నిజంగానే మబ్బు పట్టి ఉండవచ్చు. కానీ మబ్బు వల్ల పోయిన 70 యూనిట్లూ, ఒక వైరు ఊడినందువల్ల పోయిన 70 యూనిట్లూ రోజూ లెక్క రాసుకునే పుస్తకంలో ఒకేలా కనబడతాయి. మబ్బు రేపు పోతుంది. ఊడిన వైరు మాత్రం ఎవరో ఒకరు చూసేదాకా అలాగే ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసే లెక్క గురించి ఈ పూట మాట్లాడుకుందాం. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను. పాత కృష్ణా జిల్లా మెట్టలో ఉన్న ఈ రెండు ఊళ్లూ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. సున్నపురాయి, పత్తి, మండే ఎండ మూడూ ఒకేచోట ఉన్న నేల ఇది. సోలార్ లెక్కకు ఈ మూడింటితోనూ పని పడుతుంది.

ముందుగా, రావలసింది ఎంత? ప్యానెళ్లు బిగించినవాళ్లు "కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు" అని చెప్పి వెళ్తారు. అది తప్పేమీ కాదు, కాకపోతే సంవత్సరం మొత్తానికి సగటు. జూలై ముసురులో రెండు రావచ్చు, ఫిబ్రవరిలో నాలుగున్నర దాటవచ్చు. ఆ నాలుగును రోజూ కొలబద్దగా పెట్టుకుంటే వానాకాలమంతా ప్లాంటు చెడిపోయినట్టూ, ఫిబ్రవరిలో సగం చెడిపోయినా బాగున్నట్టూ కనబడుతుంది.

ఆ రోజు రావలసింది ఎంతో తెలియాలంటే ఆ రోజు ఎంత ఎండ పడిందో తెలియాలి. ఎండనూ యూనిట్లలోనే కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద రోజంతా పడిన ఎండ అయిదున్నర యూనిట్లు అనుకోండి. మీ ప్లాంటు 100 కిలోవాట్లదైతే, నష్టమేమీ లేకపోతే 550 యూనిట్లు రావాలి. నష్టం లేకుండా ఎక్కడా ఉండదు. ప్యానెల్ వేడెక్కి కొంత పోతుంది, దుమ్ముకు కొంత, వైర్లలో కొంత, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. అన్నీ పోగా మిగిలే వంతును పనితీరు నిష్పత్తి అంటారు. మన వైపు ఆరోగ్యంగా ఉన్న ప్లాంటుకు అది 0.75 నుంచి 0.80 మధ్య ఉంటుంది. 0.78 అనుకుంటే 550 లో 429 యూనిట్లు. ఆ రోజు మీకు 425 వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. 380 వస్తే కారణం వెతకాలి.

లెక్క ఇంతే. చిక్కంతా ఆ అయిదున్నర ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదాంట్లో ఉంది. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో ఉన్న 1000 మెగావాట్ల పార్కు లాంటి చోట్ల ఎండను కొలిచే పరికరాలు పెడతారు. ప్యానెళ్ల పక్కనే, అదే వాలులో బిగిస్తారు. 50 కిలోవాట్ల మిల్లు యజమాని దగ్గర అలాంటిది సాధారణంగా ఉండదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది నాసా వాళ్ల పవర్ అనే సేవ. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఉపగ్రహాల ఆధారంగా రోజువారీ ఎండ అంకె ఇస్తుంది. కొన్ని రోజులు ఆలస్యంగా ఇస్తుంది, అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. ఆ ఎండ అంకెను అది ఒక డిగ్రీ గడికి ఒకటి చొప్పున లెక్క కడుతుంది. అంటే అటూ ఇటూ నూటపది కిలోమీటర్ల దాకా ఉన్న పెద్ద గడి. జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడ మూడూ ఒకే గడిలో పడతాయి. సాయంత్రం నందిగామలో మబ్బు కమ్మి, జగ్గయ్యపేటలో ఎండ కాసిందనుకోండి, ఈ అంకెలో ఆ తేడా కనబడదు. కాబట్టి నెల సగటు చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది, ఒక్క రోజును అనుమానించడానికి చాలదు.

ఇంకో మెలిక కూడా ఉంది. అది ఇచ్చే ఎండ సమతల నేల మీద పడేది. మన ప్యానెళ్లు దక్షిణానికి పదిహేను డిగ్రీలు వాలి ఉంటాయి. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కాబట్టి వాలిన ప్యానెల్‌కు నేల కంటే పదో వంతుకు పైగా ఎక్కువ ఎండ అందుతుంది. జూన్‌లో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, అప్పుడు అయిదారు శాతం తక్కువ అందుతుంది. నెలవారీగా ఈ సవరణ చెయ్యకపోతే డిసెంబరులో ప్లాంటు చేతగానిదైనా ఘనంగా కనబడుతుంది.

వేడి కూడా అంతే. వాతావరణ శాఖ వేసవిలో రోజూ చెప్పే ఉష్ణోగ్రతల్లో నందిగామ పేరు మీరు వింటూనే ఉంటారు. గాలి 42 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్యానెల్ 70 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. కంపెనీ రాసిన కిలోవాట్లు 25 డిగ్రీల ప్యానెల్‌కు లెక్క. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. 45 డిగ్రీలు ఎక్కువైతే ఆ గంటలో దాదాపు 16 శాతం పోయినట్టే. జనవరి మధ్యాహ్నం ఇదే నష్టం 10 శాతం దగ్గర ఉంటుంది. అందుకని "మేలో ఎండ దంచేస్తోంది, యూనిట్లు దంచెయ్యట్లేదేమిటి" అని బిగించినవాళ్లతో గొడవ పెట్టుకోకండి. దానికి మరమ్మతు లేదు.

ఇన్ని సవరణలు ఎవరు చేస్తారు అనిపిస్తోందా? చెయ్యనక్కర్లేని దారి ఒకటుంది. నా దృష్టిలో చిన్న ప్లాంట్లకు అదే మేలైనది. అదేమిటంటే పక్క ప్లాంటునే ఎండ కొలిచే పరికరంగా వాడుకోవడం.

జగ్గయ్యపేటలో ఒక పప్పుల మిల్లు మీద 50 కిలోవాట్లు, నందిగామలో ఒక జిన్నింగ్ మిల్లు మీద 100 కిలోవాట్లు ఉన్నాయనుకుందాం. ఈ మిల్లులూ, ఇక ముందు చెప్పే అంకెలూ లెక్క కోసం నేను అనుకున్నవే. రెండు ఊళ్ల మధ్య దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఒకరోజు నందిగామలో 450 యూనిట్లు వచ్చాయి, కిలోవాటుకు నాలుగున్నర. జగ్గయ్యపేటలో 225 వచ్చాయి, అదీ కిలోవాటుకు నాలుగున్నరే. జగ్గయ్యపేట అంకెను నందిగామ అంకెతో భాగిస్తే ఒకటి వస్తుంది. రెండు చోట్లా ఒకే దిక్కుకు ఒకే వాలులో ప్యానెళ్లుంటే, రెండు చోట్లా ఒకే వేడి ఉంటే, ఆ సవరణలన్నీ పైనా కిందా కొట్టుకుపోతాయి. కలకాలం ఒకటే రావాలని లేదు. ఒక ప్లాంటు పక్కన వేపచెట్టు ఉంటే 0.97 రావచ్చు. రెండూ కడిగి, శుభ్రంగా ఉన్న రెండు మూడు వారాల్లో ఎంత వస్తే అదే ఆ జంటకు మామూలు. ఆ అంకెను ఎర్ర సిరాతో పుస్తకం అట్ట మీద రాసుకోవాలి.

ఒక్క రోజు అంకెను నమ్మకూడదు. మబ్బు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే 0.80 రావచ్చు, 1.20 రావచ్చు. అందుకని ఏడు రోజుల అంకెలు వరసలో పెట్టి మధ్యది తీసుకోండి. సగటు వద్దు. ఒక్క పిచ్చి రోజు సగటును లాగేస్తుంది, మధ్య అంకెను కదపలేదు. ఆ మధ్య అంకె మామూలు కంటే అయిదు శాతం తగ్గితే నేనైతే మెట్లెక్కి చూస్తాను. అంతకంటే గట్టి గీత గీస్తే అనవసరంగా పరుగెత్తుతాం, వదులుగా గీస్తే నెలలు గడిచిపోతాయి.

ఇప్పుడు ఫిబ్రవరి పుస్తకం తెరుద్దాం. ఒకటో తారీఖున రెండు చోట్లా కడిగారు. నందిగామ వాళ్లు ఆ తర్వాత కూడా వారానికోసారి కడుగుతున్నారు. మధ్య అంకె 1.00. పదో తారీఖుకు 0.97. ఇరవై ఒకటికి 0.94. ఏ రోజూ పెద్దగా పడలేదు, రోజుకు 0.3 శాతం చొప్పున జారింది. ఇలా వాలుగా జారేది దాదాపు ఎప్పుడూ దుమ్మే. ఇరవై నాలుగున చిన్న జల్లు పడింది. వాన పడింది కదా, కడిగేసి ఉంటుందనుకుంటాం. మర్నాటి నుంచి వరసగా చూస్తే అంకె పెరగలేదు, ఇంకా దిగి 0.91 కి వచ్చింది.

ఇది ఈ ప్రాంతపు దుమ్ము చేసే పని. సున్నపురాయి గనులు, క్రషర్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న గాలిలో తేలే పొడికి తడి తగిలితే గాజు మీద పేరుకుని పొరలా గట్టిపడుతుంది. తెల్లవారుజామున పడే మంచు చాలు, సన్నజల్లు ఇంకా చాలు. 1993 లోనే రియాద్‌లో పరిశోధకులు సిమెంటు, సున్నపురాయి, కార్బన్ పొడులను ప్యానెళ్ల మీద చల్లి పరీక్షించి, ఒకే బరువులో పొడి సన్నబడేకొద్దీ వెలుతురు ఎక్కువగా ఆగిపోతుందని చూపించారు. గుజరాత్‌లో గాంధీనగర్ ఐఐటీ మీద పెట్టిన ప్యానెళ్లపై 2017 లో వచ్చిన అధ్యయనం, వారాల తరబడి కడగని వాటిని కడిగితే ఉత్పత్తి సగానికి సగం పెరిగిందని చెప్పింది. అక్కడి దుమ్ము వేరు, ఇక్కడి దుమ్ము వేరు. ఆ అంకెను ఇక్కడికి మోసుకొచ్చి భయపెట్టను. మీ పుస్తకం చెప్పే 0.3 శాతమే మీకు లెక్క.

పై కథలో ఇరవై అయిదు తర్వాత జగ్గయ్యపేట ప్లాంటును కడిగారు. అంకె 0.91 నుంచి 0.99 కి వచ్చింది కానీ 1.00 కి రాలేదు. ఆ మిగిలిన ఒక్క శాతం ఎక్కడుందో చూడాలంటే ప్యానెల్ కింది అంచు చూడాలి. వాలు తక్కువైనప్పుడు నీళ్లు ఫ్రేము దగ్గర ఆగి, బురద చారగా ఎండిపోతుంది. వేలెడు వెడల్పు చారే కదా అని వదిలెయ్యకండి. ప్యానెల్‌ను నిలువుగా బిగించి ఉంటే ఆ చార అడుగు వరసలోని అన్ని గళ్లనూ కప్పుతుంది. గళ్లన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ నీడ ప్యానెల్‌లో కప్పిన భాగం కంటే చాలా ఎక్కువను పనిచెయ్యకుండా ఆపుతుంది. ఈ చారను మెత్తటి బ్రష్‌తో, నీళ్లలో నాననిచ్చి తుడవాలి. గీకకూడదు. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే, ఈ సున్నపు నేలలో తెల్లటి మరక మిగులుతుంది. కడిగిన వెంటనే నీళ్లు లాగెయ్యాలి. కడగడం తెల్లవారుజామునే చెయ్యాలి. కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు.

సరే, ఎన్ని రోజులకోసారి కడగాలి? దీనికి వారానికోసారి అనో, నెలకోసారి అనో అందరికీ ఒకే జవాబు లేదు. కానీ లెక్క సులువే. జగ్గయ్యపేట ప్లాంటు రోజుకు 225 యూనిట్లది, దుమ్ము 0.3 శాతం. అంటే మొదటి రోజు పోయేది సుమారు 0.7 యూనిట్. రెండో రోజు 1.4. పదో రోజు ఏడు, ఇరవయ్యో రోజు పద్నాలుగు. ఇరవై రోజులవి కలిపితే 147 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే 1,029 రూపాయలు. ఒకసారి కడగడానికి కూలికీ నీళ్లకూ 1,000 రూపాయలు అవుతుందనుకుందాం. అంటే పోయిన సొమ్ము కడిగే ఖర్చును ఎప్పుడు అందుకుంటుందో అప్పుడే కడగాలి, ఇక్కడ ఇరవై రోజులకు. అంతకు ముందే కడిగితే కూలి ఎక్కువవుతుంది, తర్వాత కడిగితే యూనిట్లు ఎక్కువ పోతాయి. దుమ్ము రోజూ ఒకే తీరున పేరుకుంటున్నంత కాలం ఇది కచ్చితమైన లెక్క. జూలై నుంచి పెద్ద వానలు వస్తే అవే కడిగేస్తాయి, అప్పుడు పుస్తకం చూసి మానెయ్యవచ్చు.

ఇక్కడ ఈ పద్ధతికి ఉన్న గుడ్డితనం కూడా చెప్పాలి. రెండు ప్లాంట్లూ ఒకే తీరున మురికి పడితే నిష్పత్తి కదలదు. అందుకే నందిగామ వాళ్లు వారానికోసారి కడుగుతున్నారని అనుకున్నాను. అలా ఎవరూ చెయ్యకపోతే మీ దగ్గరే ఒక వరసను ఆధారంగా పెట్టుకోండి. ప్యానెళ్లను పద్దెనిమిదో ఇరవయ్యో చొప్పున వరసగా కలుపుతారు, దాన్ని స్ట్రింగ్ అంటారు. ఒక స్ట్రింగ్‌ను కడిగి, ఒకే దిక్కున దాని పక్కనున్నదాన్ని కడక్కుండా వదిలి, ఎండ నిలకడగా ఉన్న మధ్యాహ్నం ఇన్వర్టర్‌లో రెండింటి ఆంపియర్లు చూడండి. 10.0 ఉన్నచోట పక్కది 9.2 ఉంటే దుమ్ము ఎనిమిది శాతం తినేస్తోందన్నమాట. ఇన్వర్టర్ స్ట్రింగులను విడివిడిగా చూపించకపోతే క్లాంప్ మీటరుతో ఎలక్ట్రీషియన్ చూసి చెబుతాడు.

తగ్గుదల జారకుండా ఒక్కసారిగా మెట్టు దిగినట్టు పడితే అది దుమ్ము కాదు. నందిగామ ప్లాంటులో 180 ప్యానెళ్లు, పది స్ట్రింగులు. ఒక కనెక్టర్ కాలిపోయినా, ఫ్యూజు పోయినా ఒక స్ట్రింగ్ మొత్తం ఆగుతుంది. మర్నాటి నుంచి మబ్బు రోజైనా ఎండ రోజైనా సరిగ్గా పది శాతం తక్కువ. మన నిష్పత్తిలో నందిగామ కింద ఉంది కాబట్టి అంకె తగ్గదు, పైకి ఎగిరి 1.11 అవుతుంది. ఎగిరితే కింద ఉన్న ప్లాంటును, పడితే పైనున్న ప్లాంటును చూడాలి. పోయిన వంతే ఏది పోయిందో చెబుతుంది. పదో వంతు పోతే పదిలో ఒక స్ట్రింగ్, సగం పోతే రెండు ఇన్వర్టర్లలో ఒకటి. పత్తి మిల్లులో ఇన్వర్టర్ ఫ్యాన్ల జాలీకి దూది నుసి పట్టి, లోపల వేడెక్కి, మధ్యాహ్నం మాత్రం తక్కువ ఇవ్వడం కూడా ఉంటుంది. జాలీ దులిపితే తీరిపోతుంది.

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది మాత్రం ఆదివారపు లోటు. నందిగామ మిల్లులో వారమంతా 450 వచ్చి, ఆదివారం 370 వస్తోంది. తర్వాతి ఆదివారం మళ్లీ అంతే. ప్యానెళ్లకు వారం తెలియదు కదా, మరి? మిల్లు నడిచే రోజుల్లో వచ్చిన కరెంటు అక్కడే ఖర్చవుతుంది. ఆదివారం మోటార్లు ఆగాయి, కరెంటంతా లైను మీదికి తోస్తోంది. లైను పొడుగైతే, తీగ సన్నదైతే మిల్లు దగ్గర వోల్టేజీ పెరుగుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం వోల్టేజీ ఉండవలసినదానికి 110 శాతం దాటితే సోలార్ రెండు సెకన్లలో లైను నుంచి తప్పుకోవాలి. 230 కి 110 శాతం అంటే 253. అది దాటగానే ఇన్వర్టర్ ఆగుతుంది, కాసేపాగి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇన్వర్టర్ చరిత్రలో గ్రిడ్ వోల్టేజీ ఎక్కువైందన్న హెచ్చరికలు ఆదివారం పదకొండు నుంచి రెండు మధ్య వరసగా కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ప్యానెళ్లు కడిగి ప్రయోజనం లేదు. ఆ హెచ్చరికల కాగితం తీసుకుని మన వైపు కరెంటు చూసే సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చగలరేమో, లేదా లైను పెంచగలరేమో అడగాలి. ఇన్వర్టర్ వోల్టేజీ హద్దును సొంతంగా పెంచుకోవడం మాత్రం వద్దు. అది లైన్‌మన్ ప్రాణం మీదికీ, పక్కవాళ్ల ఫ్రిజ్ మీదికీ వస్తుంది.

కరెంటు పోయిన గంటలు కూడా పుస్తకంలో ఉండాలి. లైనులో కరెంటు లేకపోతే మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది, ఆగాలి కూడా. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే ఆ రోజు ఉత్పత్తిలో నాలుగో వంతుకు పైగా పోవచ్చు. అదే పొద్దున ఏడింటికి పోతే లెక్కలోకి రాదు. పక్కన "12 నుంచి 2 కరెంటు లేదు" అని రాసి, ఆ రోజును లెక్కలోంచి తీసెయ్యాలి. లేకపోతే ఆ ఒక్క రోజు అంకె చూసి నిచ్చెన వేస్తారు.

ఇక పుస్తకం రాసే తీరు. రోజు యూనిట్లు రాయకండి, మీటరు మీదున్న మొత్తం అంకె రాయండి. ఒక రోజు మర్చిపోతే, యూనిట్లు రాసేవాడికి ఆ రోజు సున్నా పడుతుంది. మొత్తం రాసేవాడు రెండు రోజులవి కలిపి ఒకే లెక్కగా తీసుకుంటాడు. చీకటి పడ్డాకే రాయండి. ఒకరోజు అయిదింటికి, ఇంకోరోజు ఏడింటికి రాస్తే లేని తేడాలు పుడతాయి. ఉత్పత్తి మీటరు వేరు, నెట్ మీటరు వేరు. నెట్ మీటరులో కనబడేది మీరు వాడుకున్నది పోగా బయటికి వెళ్లింది, బయటి నుంచి వచ్చింది మాత్రమే. ఈ లెక్కకు ఉత్పత్తి మీటరే కావాలి.

జగ్గయ్యపేటలో, నందిగామలో, మధ్యలో ఉన్న పల్లెల్లో సోలార్ ఉన్నవాళ్లకు ఒక మనవి. మీలాంటి ప్లాంటు ఉన్న ఒకరిని వెతికి పట్టుకోండి. ప్యానెళ్లు ఒకే దిక్కుకు, ఒకే వాలులో ఉంటే చాలు, కిలోవాట్లు ఒకటే కానక్కర్లేదు. రేపు సాయంత్రం నుంచి చీకటి పడ్డాక మీటరు అంకెను ఒకరికొకరు ఫోన్‌లో పంపుకోండి. రెండు ప్లాంట్లూ శుభ్రంగా ఉంచి మూడు వారాలు అలా చేశాక, మీ జంటకు మామూలు అంకె ఎంతో పుస్తకం అట్ట మీద రాసుకోండి.